బొమికల బరువు తీసేసి లెక్కేయడం: కోడికూరతో మొదలుపెట్టి

మా మావయ్యగారికి కిడ్నీలు సరిగా పనిచేయడం లేదని తేలినప్పుడు డైటీషియన్ ఒక కాగితం రాసిచ్చారు. ఆదివారం వరసలో "చికెన్ 80 గ్రాములు" అని ఉంది. ఇంకేమీ లేదు. ఆ ఆదివారం కొట్టు నుంచి తెచ్చిన ముక్కల్లోంచి ఒక వీపు ముక్క, ఒక మెడ ముక్క తీసి కాటా మీద పెట్టాను. 80 దగ్గర ఆగింది. వాటినే వండి వడ్డించాను.

"ఏవమ్మా, ఇంతేనా?" అన్నారాయన కంచంలోకి చూసుకుని.

"అంతేనండి మావయ్యగారూ, కాగితంలో అలాగే ఉంది" అన్నాను.

కంచం తీసేటప్పుడు చూస్తే అంచున బొమికలు పోగుపడి ఉన్నాయి. ఆయన తిన్నది ఎక్కువో, వదిలేసింది ఎక్కువో చెప్పలేనట్టుగా ఉంది ఆ పోగు. నాలుగు ఆదివారాలు అలాగే గడిచాయి. ఐదో వారం వెళ్ళి అడిగితే, ఆ 80 గ్రాములు ఎముక లేని పచ్చి మాంసం బరువని తెలిసింది. అంటే నెల్లాళ్ళూ ఆయనకి రావలసిన మాంసంలో దాదాపు సగమే పెట్టాను. ఆ బాధతోనే ఇంట్లో లెక్క సరిచేసుకున్నాను. ఆ పద్ధతే ఇక్కడ రాస్తున్నాను. కొలిచి తినాల్సినవాళ్ళు మీ ఇంట్లో ఎవరున్నా ఇదే పనికొస్తుంది.

ముందు అడగాల్సిన మాట

ఎవరైనా మీకు గ్రాముల్లో చెబితే వెంటనే రెండు ప్రశ్నలు అడగండి. ఎముకతోనా, ఎముక లేకుండానా? పచ్చిదా, వండిందా? ఈ రెండూ తెలియకపోతే ఆ అంకెకి అర్థం లేదు. ఎంత తేడా వస్తుందో ఆ 80తోనే చూడండి. ఎముక లేని పచ్చి కోడిమాంసంలో 100 గ్రాములకి దాదాపు 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. రొమ్ము మాంసంలో కాస్త ఎక్కువ, తొడలో కాస్త తక్కువ. ఇంటి లెక్కకి 20 సరిపోతుంది.

80 గ్రాములు ఎముక లేని పచ్చి మాంసమైతే ప్రొటీన్ 16 గ్రాములు. అదే 80 అన్ని రకాల ముక్కలూ కలిసిన ఎముకతో ఉన్న పచ్చిదైతే, బొమికలు పోగా మాంసం 56 గ్రాముల దగ్గర ఉంటుంది. ప్రొటీన్ 11 గ్రాములు. 80 గ్రాములు ఎముక లేకుండా వండిన ముక్కలైతే సంగతి తిరగబడుతుంది. ఉడికేటప్పుడు మాంసంలోంచి నీరు పోయి బరువు పావు వంతు దాకా తగ్గుతుంది. కాబట్టి ఆ 80 వెనక 107 గ్రాముల పచ్చి మాంసం ఉన్నట్టు. ప్రొటీన్ 21 గ్రాములు. కాగితం మీద ఒకటే అంకె, కంచంలోకి వచ్చేసరికి 11 కావచ్చు, 21 కావచ్చు. ప్రొటీన్ మించకూడని మనిషికీ, తగ్గకూడని మనిషికీ ఈ తేడా చిన్నది కాదు.

పోషక విలువల పట్టికలు చూసి మీరే లెక్కేసుకునేటట్టయితే ఇంకో సంగతి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వెలువరించిన భారతీయ ఆహార పట్టికల్లో ప్రతి అంకే తినే భాగం 100 గ్రాములకి ఇచ్చినది. ఎముక, తొక్క, టెంక అందులో లేవు. అందుకని కొట్టులో తూచిన బరువుని నేరుగా ఆ అంకెతో గుణించకూడదు. ముందు పారేసే బరువు తీసేయాలి, ఆ తర్వాతే పట్టిక తెరవాలి.

ఎప్పుడు తూచాలి

పారేసే భాగం పొయ్యి మీదకి వెళ్ళకముందే ఊడిపోతే, ఊడదీశాక తూచండి. అది కంచంలో ఊడితే, ముందు మొత్తం తూచి, తిన్నాక మిగిలింది తూచి తీసేయండి. రొయ్యలు మొదటి రకం, కోడికూర రెండో రకం. దేనికైనా ఈ ఒక్క సంగతి చూసుకుంటే సగం చిక్కు తీరుతుంది.

ఒక్క మనిషికి, ఒక్క ముక్కతో

కోడికూరకి నేను చేసే పద్ధతుల్లో ఇదే తేలిక, ఇదే ఎక్కువ నిక్కచ్చి. వంటింటి కాటా ఒక గ్రాము తేడా చూపించేది ఉంటే చాలు.

ముక్కలు కడిగాక చిల్లుల గిన్నెలో వేసి పది నిమిషాలు వదిలేయండి. కడిగిన వెంటనే తూస్తే ముక్కల మధ్య నిలిచిన నీళ్ళు కూడా బరువులోకి వచ్చేస్తాయి. కిలోకి ముప్ఫై నలభై గ్రాములు అలా కలిసిపోవడం నేను చూశాను. పసుపు, ఉప్పు, పెరుగు పట్టించకముందే తూచాలి. ఒకసారి పెరుగు పట్టాక ఇక మాంసం ఎంతో ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఆ మనిషి కోసం ఒక ముక్క ఎంచండి. నేను లెగ్ పీసు తీసుకుంటాను. దాంట్లో ఒకటే పెద్ద ఎముక, పక్కన సూదిలాంటి సన్నది ఒకటి ఉంటాయి. తిన్నాక రెండూ శుభ్రంగా బయటికొస్తాయి. మెడ, వీపు, రెక్క ముక్కలు ఈ పనికి వద్దు. వాటిలో చిన్న ఎముకలు నోట్లోకి పోతాయి, మాంసం ఎముకకే అంటుకుని ఉండిపోతుంది, లెక్క నిలవదు. ముక్క బరువు రాసుకుని, ఆ కాలు చుట్టూ తెల్ల నూలు దారం ఒక చుట్టు చుట్టి ముడేయండి. మిగతా కూరతో పాటే ఉడకనివ్వండి. ఒకటే గిన్నె, ఒకటే మసాలా, ఒకటే రుచి. మావయ్యగారికి వేరే గిన్నెలో వండితే ఆ పూట అన్నం సయించేది కాదు. దారం కట్టడం మొదలుపెట్టాక ఆ ఇబ్బంది పోయింది. వడ్డించేటప్పుడు దారం తీసేయడం మాత్రం మరవకండి.

తిన్నాక ఎముకలు ఒక చిన్న గిన్నెలోకి తీయండి. అంటుకున్న అన్నం మెతుకులు, గుజ్జు నీళ్ళతో కడిగి, గుడ్డతో అద్ది తూచండి. ఎముకకి ఇంకా మాంసం పట్టి ఉంటే గీకకండి, అలాగే తూచండి. అది ఆయన తినలేదు కాబట్టి పారేసిన దాంట్లోకే వెళ్ళాలి. మెత్తటి ఎముక చివర నమిలేస్తే అది తిన్న దాంట్లోకి వెళుతుంది, అదీ సరైనదే.

పోయిన ఆదివారం మా ఇంట్లో లెక్క ఇది. లెగ్ పీసు పచ్చి బరువు 112 గ్రాములు. తిన్నాక ఎముకలు 33 గ్రాములు. 112లోంచి 33 తీస్తే 79. అంటే ఎముక లేని పచ్చి మాంసం 79 గ్రాములు తిన్నట్టు, ప్రొటీన్ 16 గ్రాములకి ఒక పిసరు తక్కువ. కాగితంలో ఉన్నది అదే.

పచ్చి బరువులోంచి వండిన ఎముక బరువు తీసేయడం తప్పు కాదా అని నన్ను మా ఆడపడుచు అడిగింది. మంచి ప్రశ్నే. ఉడికితే మాంసంలోంచి చాలా నీరు పోతుంది. ఎముక అలా కాదు, దాంట్లోంచి కాస్త నీరు, కాస్త మూలుగ మాత్రమే కూరలోకి దిగుతాయి. ఒక కాలు మీద రెండు మూడు గ్రాముల తేడా రావచ్చు. ఆ మాత్రం తేడాతో ప్రొటీన్ లెక్క ఓ అర గ్రాము అటూ ఇటూగా కదులుతుంది, అంతే. దీంట్లో పెద్ద లాభం ఏంటంటే, మాంసం ఉడికి ఎంత తగ్గింది, గుజ్జు ఎంత అంటుకుంది అన్న గొడవ మొత్తం తప్పిపోతుంది.

గిన్నె మొత్తం లెక్క కావాలంటే

ఇంట్లో ఇద్దరు ముగ్గురు కొలుచుకుని తినేవాళ్ళుంటే దారాలు కట్టుకుంటూ కూర్చోలేం. అప్పుడు గిన్నె మొత్తానికి లెక్కేయాలి. కూరని గరిటెతో తీసి గుజ్జుతో కలిపి తూచి వాటా వేస్తే మాత్రం తప్పు వస్తుంది. ఒకరి గరిటెలో ముక్కలు పడతాయి, ఇంకొకరి గరిటెలో గుజ్జు పడుతుంది. బరువు సమానమే, మాంసం సమానం కాదు.

అందుకని ముక్కల వరకే తూచండి. కిలో పచ్చి ముక్కలు వండాక చిల్లుల గరిటెతో తీసి, గుజ్జు కారనిచ్చి, అన్నీ కలిపి తూస్తే మాకు 820 గ్రాములు వచ్చాయి. ఎవరి కంచంలోకి ఎన్ని గ్రాముల ముక్కలు వెళ్ళాయో రాసుకుని, పైన వేడి గుజ్జు పోసి వడ్డించాను. బల్ల మధ్య ఒక గిన్నె పెట్టి బొమికలన్నీ అందులోనే వేయమన్నాను. మావయ్యగారివి మాత్రం విడిగా. అందరివీ కలిపి కడిగి తూస్తే 300 గ్రాములు. మావయ్యగారివి అందులో 45.

ఇక లెక్క. కిలో పచ్చి ముక్కల్లోంచి 300 ఎముక తీస్తే పచ్చి మాంసం 700. వండిన ముక్కలు 820లోంచి అదే 300 తీస్తే వండిన మాంసం 520. మావయ్యగారికి వడ్డించిన ముక్కలు 150, ఎముకలు 45 పోతే తిన్నది 105. 520లో 105 అంటే సుమారు ఐదో వంతు. 700లో ఐదో వంతు 140. ఆ రోజు ఆయన కాగితంలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు పచ్చి మాంసం తిన్నారన్నమాట. మొదట్లో సగం పెట్టినదాన్ని, ఇప్పుడు రెట్టింపు పెట్టాను. ముక్కల బరువు కంటికి చిన్నగా కనబడటమే దానికి కారణం, వండాక తగ్గిన మాంసం చూసి సరిపోలేదనుకుంటాం. అప్పటినుంచి ఆయనకి దారం పద్ధతే, గిన్నె లెక్క మిగతావాళ్ళకి.

గిన్నె లెక్కలో చెడేది బొమికల గిన్నె దగ్గరే. పిల్లలు రెక్క బొమికలు పెరట్లో పిల్లికి పడేస్తారు. ఎవరో ఒకరు విస్తరితో పాటు మడిచేస్తారు. కిలోకి 200 గ్రాముల లోపు బొమికలు తేలాయంటే అది మంచి మాంసం దొరికిందని కాదు, కొన్ని బొమికలు ఎటో పోయాయని. ఆ వారం లెక్క కొట్టేసి పాత వారం అంకే వాడండి.

మీ కొట్టు అంకె మీరే కట్టుకోవడం

మూడు ఆదివారాలు ఇలా తూస్తే మీకొక అంకె నిలబడుతుంది. మేము కొనే కొట్టులో స్కిన్‌లెస్ ముక్కలు కిలో తెస్తే మొదటి వారం 300, తర్వాత 285, ఆ తర్వాత 310 గ్రాముల ఎముక తేలింది. సగటున కిలోకి 300. ఇక ప్రతి వారం బొమికలు కడగక్కర్లేదు. కడిగి కార్చిన పచ్చి బరువుని 0.7తో గుణిస్తే మాంసం బరువు వచ్చేస్తుంది. కొట్టు మారినా, కొట్టే మనిషి మారినా మళ్ళీ ఒకసారి తూచి చూసుకోండి. కందనకాయ, కార్జం వేస్తే ఎముక వాటా తగ్గుతుంది, మెడ రెండు వేస్తే పెరుగుతుంది. కోడి బతికుండగా తూచిన బరువుకి ఈ 0.7 వర్తించదు. ఈకలు, తల, కాళ్ళు, పేగులు, తోలు పోయాక ముక్కలకి పనికొచ్చే అంకె ఇది.

విడి ముక్కలు కొంటే ఒకటే అంకె చాలదు. ఎముకతో ఉన్న రొమ్ములో ఎముక ఐదో వంతు దగ్గర ఉంటుంది, కాలులో మూడో వంతుకి కాస్త తక్కువ, రెక్కలో సగానికి దగ్గరగా పోతుంది. ఎనభై గ్రాముల రెక్కలు పెట్టి మాంసం పెట్టాననుకోవడం, నేను మొదటి రోజు వీపు, మెడ ముక్కలతో చేసిన పనిలాంటిదే. నాటుకోడికి బ్రాయిలర్ అంకె వాడకండి. దాని మీద మాంసం పట్టు తక్కువ, ఎముక గట్టి. దానికి వేరే మూడు వారాలు తూచుకోవాల్సిందే.

చేపా, రొయ్యా

మన వైపు చేపని మొత్తం తూచి డబ్బు తీసుకుని, ఆ తర్వాత పొలుసు, మొప్పలు, పేగులు తీసి కోసిస్తారు. శీలావతి అయినా, బొచ్చె అయినా ఆ మొదటి బరువు మీకు పనికిరాదు. ఇంటికొచ్చాక ముక్కలు కడిగి కార్చి తూచండి. పులుసులో తిన్నాక ముళ్ళు, నడుము ఎముక, వదిలేసిన తోలు కలిపి తూచి తీసేయండి. తలకాయ తినేవాళ్ళకీ తిననివాళ్ళకీ లెక్క వేరు. తల ముక్కని కలపకుండా విడిగా తూచడం నయం, ఎందుకంటే అందులో బరువంతా ఎముకే.

పులస గురించి ఒక మాట. ముళ్ళెక్కువ కాబట్టి పారేసే బరువు కూడా ఎక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఆ ముళ్ళు వెంట్రుకల్లా ఉంటాయి, లెక్కకి ఎన్నున్నా బరువుకి తక్కువే. అసలు బరువు పోయేది నడుము ఎముకలోనూ, తలలోనూ, ముళ్ళు ఏరుతూ వదిలేసిన మాంసంలోనూ. గోదారి ఎర్రనీళ్ళొచ్చాక ఎప్పుడో ఒకసారి తినే చేపకి ముళ్ళు ఒక్కొక్కటీ ఏరి తూచమని నేను చెప్పను. తిన్నాక కంచం అంచున పెట్టినదంతా ఒక్కసారి తూస్తే చాలు.

రొయ్యలు సుఖం. తల, పొట్టు వంటకి ముందే పోతాయి, కాబట్టి వలిచి, నల్లనరం తీసి, కడిగి కార్చాక తూచండి. తలతో కిలో తెస్తే వలిచాక అరకిలో, కాస్త పైన తేలుతుంది. వలిచి అమ్మేవి కొంటే తీసేయాల్సింది ఏమీ లేదు. ఐసునీళ్ళు మాత్రం బాగా కార్చండి.

పండ్లు

షుగర్ ఉన్నవాళ్ళకి పండు దగ్గర ఇదే లెక్క పిండిపదార్థాల వైపు పనికొస్తుంది. పండు మొత్తం తూచండి, తిన్నాక తొక్క తూచండి, తీసేయండి. అరటిపండు తొక్క మొత్తంలో సుమారు మూడో వంతు. రావులపాలెం నుంచి వచ్చే గెలల్లో కర్పూరం, చక్రకేళి, అమృతపాణి తొక్కలు ఒకేలా ఉండవు. ఒకే గెలలో కూడా పచ్చిగా ఉన్నప్పుడు తొక్క వాటా ఎక్కువ, బాగా మాగేసరికి తగ్గుతుంది. కాబట్టి మీరు ఏ రంగులో ఉన్నప్పుడు తింటారో ఆ రంగులోనే తూచి అంకె కట్టుకోండి. కూరకి తెచ్చిన అరటికాయ లెక్క పండుకి వాడకండి.

మామిడిపండులో తొక్కా టెంకా కలిపి బంగినపల్లిలో పావు వంతుకి పైగా పోతుంది. కోసి తినే పండు తేలిక, చెంపలు కోశాక మిగిలినదంతా తూచడమే. రసం పండుతోనే ఇబ్బంది. పిండుకుని జుర్రుకుంటాం, టెంక పీచులో రసం ఉండిపోతుంది. టెంక ఎంత చీకారన్న దాన్ని బట్టి అదే పండుకి పది పదిహేను గ్రాముల తేడా వస్తుంది. తిన్న వెంటనే తూచండి. పళ్ళెంలో వదిలేసి సాయంత్రం తూస్తే టెంక ఆరిపోయి తేలికవుతుంది, ఆరిపోయిన నీళ్ళన్నీ మీరు తిన్నట్టు లెక్కలోకి వచ్చేస్తాయి. కోడి బొమికలకీ ఇదే వర్తిస్తుంది. గిన్నెలన్నీ తోమాక తూద్దామని పక్కన పెట్టకండి, చెయ్యి కడుక్కోగానే తూచండి.

నేను కాటా పక్కన గోడకి ఒక కాగితం అంటించి పెట్టాను. మా కొట్టు స్కిన్‌లెస్ కిలోకి ఎముక 300, లెగ్ పీసుకి 33, రొయ్యలు వలిచాక సగం పైన, మాగిన కర్పూరం అరటిపండుకి తొక్క ఎంతో ఆ అంకె, బంగినపల్లిది కింద. మావయ్యగారి వరసలో మాత్రం పైన పెద్ద అక్షరాలతో "పచ్చిది, ఎముక లేకుండా" అని రాశాను. నేను ఊళ్ళో లేనప్పుడు వంట చేసేది మా తోడికోడలు. ఆవిడ తూచేది ఆ మాట చూసే.